పాట ఒక్కటే, పట్టాలు మూడు

"దేవుడి పాటకు పర్మిషనేమిటండీ, విడ్డూరం కాకపోతే!" అని మీరు అనేలోపే నేనే అనేస్తున్నాను. ఫోను స్టాండుకు తగిలించి, శ్రుతిపెట్టె పక్కన పెట్టుకుని, ఓ కీర్తన పాడి యూట్యూబులో పెట్టే ముందు ఎవరినైనా అడగాలా అంటే మనవాళ్ళ దగ్గర రెండే సమాధానాలు. ఒకటి ఇప్పుడు చెప్పింది. రెండోది, "ఆ కాసెట్టులో పాడినావిడ పేరు కింద వేశాం కదండీ" అన్నది. మొదటి మాట కొన్ని పాటల విషయంలో సగం నిజం. రెండో మాటలో మర్యాద ఉంది తప్ప అనుమతి లేదు. పైగా, అసలు అడగవలసిన వాళ్ళ వరసలో ఆ పాడినావిడ దాదాపు చివరన ఉంటుంది.

కాసెట్ల రోజుల్లో నేను ఇన్‌లే కార్డులకు ప్రూఫులు దిద్దేవాణ్ణి. ఆ డబ్బా లోపల మడతపెట్టి ఉంటుందే, పాటల పేర్లున్న కాగితం, అదే. గాయని పేరు బొటనవేలంత అక్షరాల్లో, కంపెనీ పేరు దాని పక్కన, రచన, సంగీతం మాత్రం భూతద్దానికి కూడా అందనంత సన్నగా అచ్చయ్యేవి. హక్కుల లెక్క సరిగ్గా దీనికి తలకిందులుగా ఉంటుంది. అందుకే ఇవాళ్టి కబుర్లు ఆ సన్న అక్షరాల గురించి.

1957 నాటి మన కాపీరైట్ చట్టానికి 'పాట' అనే వస్తువు కనిపించదు. దానికి కనిపించేవి మూడు. మాటలు సాహిత్య రచన. వరస సంగీత రచన. దాని నిర్వచనంలోనే, పాడడానికి రాసిన మాటలు ఇందులో చేరవని విడమరచి చెప్పారు. ఈ రెంటినీ కలిపి ఒకరు పాడితే టేపు మీద పడింది సౌండ్ రికార్డింగ్. ఒకే ముక్క మీద మూడు పట్టాలన్నమాట. మూడూ ఒకరి పేరునే ఉండొచ్చు, ముగ్గురి పేర్ల మీదా ఉండొచ్చు, ఒకటి ఎప్పుడో చెల్లిపోయి మిగతా రెండే నడుస్తూ ఉండొచ్చు. మాటలకీ వరసకీ గడువు, కట్టినవారి జీవితకాలం, ఆపైన అరవై ఏళ్ళు. ఆ అరవై కూడా వారు పోయిన ఏడు ముగిశాక జనవరి ఒకటి నుంచి మొదలు. రికార్డింగుకు మాత్రం మనుషుల ఆయుష్షుతో పనిలేదు. మొదటిసారి విడుదలైన ఏడు ముగిశాక అరవై ఏళ్ళు. అంటే 1963లో వచ్చిన రికార్డు 2023 డిసెంబరుతో స్వేచ్ఛగా బయటపడిపోతుంది, అందులోని వరస కట్టినాయన హక్కు మాత్రం ఇంకా దశాబ్దాలు నడవొచ్చు.

ఇప్పుడు మీరు మీ గొంతుతో, మీ వాయిద్యాలతో పాడారనుకోండి. రికార్డింగు హక్కు మీ జోలికి రాదు. చట్టం ఆ హక్కుదారుకు ఇచ్చింది, ఆ రికార్డింగునే తనలో ఇముడ్చుకున్న మరో రికార్డింగు చేసే హక్కు. ఆ గాయని గమకాన్ని అచ్చుగుద్దినట్టు అనుకరించినా, ఆ టేపులోని ఒక్క క్షణం శబ్దం కూడా మీ దాంట్లో లేకపోతే ఆ కంపెనీ రికార్డింగును మీరు ముట్టుకున్నట్టు కాదు. గాయకులకు విడిగా ఉండే ప్రదర్శకుల హక్కు కూడా అంతే, వాళ్ళ ప్రదర్శనను వాడుకుంటేనే. కాబట్టి కవర్ పాడేవాళ్ళు చూసుకోవలసినవి మొదటి రెండు. మనవాళ్ళు భయపడేది మాత్రం మూడోదానికి.

ఒక్క మినహాయింపు, అది పెద్దదే. కరోకే. ఎక్కడో దొరికిన మ్యూజిక్ ట్రాక్ మీద పాడితే ఆ ట్రాకు ఎవరో ఒకరి రికార్డింగే. అసలు పాటలోంచి గొంతు తీసేసే యాప్‌లు వచ్చాయి కదా, వాటితో చేసిన ట్రాకైతే సాక్షాత్తూ కంపెనీ రికార్డింగే, గొంతు లేదంతే. అప్పుడు మూడో పట్టా కూడా మీ తలుపు తడుతుంది. తంబురా, హార్మోనియం, ఎదురుగా కూర్చున్న మృదంగం, వీటితో పాడుకుంటే ఆ గొడవ లేదు.

మాటలకొద్దాం. అన్నమయ్యను తీసుకుందాం, మన ఇళ్ళలో ఎక్కువ పాడేది ఆయననే కనక. 1408లో పుట్టి 1503లో పరమపదించిన మనిషి. ఆయన మాటల మీద ఎవరికీ హక్కు లేదు, ఎవరినీ అడగక్కర్లేదు. "చెప్పానా, దేవుడి పాటకు అనుమతేమిటని!" అంటారు మీరు. ఆగండి. ఆ కీర్తనలు రాగిరేకుల మీద చెక్కించి తిరుమల ఆలయంలో సంకీర్తన భాండాగారంలో దాచారు. ఇరవయ్యో శతాబ్దంలో అవి వెలుగులోకి వచ్చి, పండితులు కూర్చుని చదివి అచ్చువేసేసరికి చేతికందింది సాహిత్యమూ, పైన రాగం పేరూ. ఆ రాగంలో అన్నమయ్య ఎలా పాడుకున్నాడో చెప్పే స్వరం లేదు, పాడుతూ వచ్చిన శిష్యపరంపరా మిగల్లేదు. త్యాగరాజ కృతికీ దీనికీ తేడా ఇక్కడే. త్యాగయ్యగారి వరస శిష్యుల నోటి వెంబడి వచ్చింది, ఆయన పోయింది 1847లో. మాటలూ వరసా రెండూ మనందరివీ. అన్నమయ్య విషయంలో వరసను ఎవరో మళ్ళీ కట్టవలసి వచ్చింది. కట్టారు. రాళ్ళపల్లి అనంతకృష్ణశర్మగారు కట్టారు, నేదునూరి కృష్ణమూర్తిగారు కట్టారు, గరిమెళ్ళ బాలకృష్ణప్రసాద్‌గారు వందల కీర్తనలకు కట్టారు. మనం అన్నమయ్య పాట అని చెవులారా వినేదాంట్లో సగం ఈ పెద్దలది.

ఇక లెక్క వేయండి. రాళ్ళపల్లివారు 1979లో పోయారు. వారు కట్టిన వరసకు హక్కు 2039 డిసెంబరు దాకా. నేదునూరివారు 2014లో. వారిది 2074 దాకా. బాలకృష్ణప్రసాద్‌గారు 2025లో. వారిది 2085 దాకా. అయిదొందల ఏళ్ళనాటి కీర్తనకు ఇంకో అరవై ఏళ్ళు గడువుందంటే నమ్మబుద్ధి కాదు గానీ, గడువు కీర్తనకు కాదు, వరసకు.

మా అపార్ట్‌మెంటులో సంగీతం చెప్పే అమ్మాయి ఒకతె ఉంది. ఓ సాయంత్రం వచ్చి, "బాబాయిగారూ, 'నానాటి బతుకు' పాడి పెడదామనుకుంటున్నాను. ఎవర్నయినా అడగాలా?" అంది.

"ఏ వరసలో పాడతావమ్మా?"

"ఏ వరసేమిటండీ, రేవతిలో. అందరూ పాడేదే."

ఆ 'అందరూ పాడేదే' దగ్గరే చిక్కంతా. ఆ వరస నేదునూరివారిది. సుబ్బులక్ష్మిగారు పాడడంతో ఊరూరికీ పాకి, ఇప్పుడు అది ఎవరిదీ కానట్టు, గాల్లోంచి వచ్చినట్టు అనిపిస్తుంది. అమ్మాయిని కూర్చోబెట్టి కాగితం మీద మూడు గళ్ళు గీయించాను. మాటల గడిలో అన్నమయ్య, 1503, స్వేచ్ఛ. రికార్డింగు గడిలో, సొంత గొంతు, తంబురా, వాళ్ళ తమ్ముడి మృదంగం, కాబట్టి ఎవరి రికార్డూ వాడడం లేదు. వరస గడిలో నేదునూరివారు, రేవతి, 2074 దాకా. అడగవలసిన గడి ఒక్కటే మిగిలింది. ఇలా గళ్ళు గీసుకోవడంలో లాభం అదే, భయమంతా ఒక చోటికి చేరుతుంది.

"నేను రెండు సంగతులు కొత్తగా వేస్తున్నాను కదా, మరి నా వరస అవదా?" అని అడిగింది. తెలివైన పిల్ల. కాదమ్మా. పల్లవి ఎత్తుకోగానే వినేవాడు 'ఆ, అదే' అని గుర్తుపట్టాడంటే మూలం అక్కడే ఉంది. దాని మీద మీరు చేసే మనోధర్మం మీదే కావచ్చు గానీ కిందున్నది మారదు. స్వరపుస్తకం కొనుక్కున్నాం కదా అన్నా అంతే, పుస్తకం ధరలో నేర్చుకోవడం ఉంది, రికార్డు చేసి లోకానికి వినిపించడం లేదు. అదే ఆమె ఆ మాటల్నే తీసుకుని వేరే రాగంలోనో, పోనీ రేవతిలోనే తన బాణీ తాను కట్టుకుంటే, ఎవరినీ అడగక్కర్లేదు. రాగం ఎవరి సొత్తూ కాదు. అలా కట్టిన వరసకు హక్కు తనదే అవుతుంది కూడా.

సరే, వరస ఎవరిదో తెలుసుకోవడం ఎలా? ఆ కీర్తన రికార్డు యూట్యూబులో కంపెనీయే పెట్టినది ఒకటి దొరుకుతుంది, బొమ్మ కదలకుండా ఆల్బం అట్ట మాత్రం కనిపించే వీడియో. దాని కింది వివరాలు విప్పితే `Provided to YouTube by` అని పంపినవారి పేరూ, `Composer`, `Lyricist` అని పేర్లూ, ℗ గుర్తు పక్కన ఓ సంవత్సరమూ ఉంటాయి. ℗ అంటే రికార్డింగు హక్కు, © అంటే అట్ట మీది బొమ్మా రాతా వగైరా. ఇక్కడ రెండు గోతులున్నాయి. ℗ పక్కనున్న ఏడు చాలాసార్లు డిజిటల్‌గా మళ్ళీ ఎక్కించిన ఏడు, కాసెట్టు మొదట వచ్చిన ఏడు కాదు; గడువు లెక్కకు కావలసింది మొదటిది. రెండోది, `Composer` దగ్గర అన్నమాచార్య అని ఉంటుంది. ప్రూఫులు దిద్దిన చేత్తో చెబుతున్నాను, అది నమ్మకండి. వాగ్గేయకారుడు కనక ఆయన పేరే రెండుచోట్లా పడేస్తారు. అలా కనిపిస్తే పాత కాసెట్టు కాగితమో, ఎల్పీ వెనకభాగమో, స్వరపుస్తకమో వెతకాలి. 'స్వరకల్పన' అనో 'స్వరపరచినవారు' అనో సన్నగా ఉంటుంది ఎక్కడో. అదీ దొరక్కపోతే ఆ పాట నేర్పిన గురువుగారినే అడగండి, వారికి తెలుస్తుంది.

పేరు తెలిశాక, హక్కు ఎవరి దగ్గరుందన్నది ఇంకో ప్రశ్న. కట్టినాయన సొంతంగా కట్టి ఎవరికీ రాసివ్వకపోతే వారసులది. ఉద్యోగంలో భాగంగా కడితే, వేరే ఒప్పందం లేనంతవరకు, ఉద్యోగమిచ్చిన సంస్థది. బాలకృష్ణప్రసాద్‌గారు తిరుమల తిరుపతి దేవస్థానాల అన్నమాచార్య ప్రాజెక్టులో ఏళ్ళ తరబడి పనిచేశారు. అలాంటివారి వరసల విషయంలో మొదటి ఉత్తరం దేవస్థానానికి రాయడం న్యాయం. కంపెనీకి రాసిచ్చి ఉంటే కంపెనీది. ఒకరు 'మాది కాదు' అంటే 'మరెవరిదో చెప్పగలరా' అని రెండో ఉత్తరం. గడువు మాత్రం చేతులు మారినా మారదు, కట్టినాయన ఆయుష్షుతోనే లెక్క.

ఉత్తరం ఎలా రాయాలో కొంచెం ఓపిగ్గా చెబుతాను, ఎందుకంటే అనుమతి దొరికి కూడా పనికిరాకుండా పోయేది ఇక్కడే. చట్టప్రకారం లైసెన్సు రాతలో ఉండాలి. "పాడుకోమ్మా తల్లీ" అని ఫోన్లో ఆశీర్వదిస్తే ఆశీర్వాదం దక్కుతుంది, లైసెన్సు దక్కదు. ఈమెయిలైనా ఫరవాలేదు. అందులో ఎన్నాళ్ళకో రాయకపోతే చట్టం అయిదేళ్ళని అనుకుంటుంది. ఏ దేశాలకో రాయకపోతే భారతదేశం వరకేనని అనుకుంటుంది. యూట్యూబులో పెట్టింది డాలస్‌లో మీ అక్కయ్యా చూస్తుంది, మెల్‌బోర్న్‌లో మీ మేనల్లుడూ చూస్తాడు. అయిదేళ్ళకు తీసేద్దామని ఎవరూ పెట్టరు. కాబట్టి 'ప్రపంచమంతటా, హక్కు గడువు ఉన్నన్నాళ్ళూ' అని స్పష్టంగా అడగాలి. ఆడియో మాత్రమేనా, బొమ్మతో కలిపి వీడియోనా అన్నది రాయాలి, చట్టంలో సౌండ్ రికార్డింగు చేసే హక్కూ సినిమాటోగ్రాఫ్ ఫిల్ము చేసే హక్కూ రెండు మాటలు; మీ ఫోను వీడియో రెండో కోవలోకి వస్తుంది. ప్రకటనల డబ్బు వస్తుందా రాదా, వస్తే ఎవరికెంత అన్నదీ రాయండి. పేరు ఎలా వేస్తారో కూడా రాయండి, సాహిత్యం అన్నమాచార్యులు, స్వరకల్పన ఫలానావారు అని. అనుమతి వచ్చినా రాకపోయినా ఆ పేరు వేయడం మనం బాకీ; కట్టినవారికి తమ పేరు చెప్పించుకునే హక్కు చట్టంలో విడిగా ఉంది, అది అమ్మినా పోదు.

జవాబు రాకపోతే? మౌనం అర్ధాంగీకారం అన్న మాట పెళ్ళిచూపులకు చెల్లుతుంది గానీ ఇక్కడ చెల్లదు. మా సంగీతం అమ్మాయి ఉత్తరం రాసి కూర్చోలేదు. ఎవరూ పెద్దగా పాడని ఇంకో కీర్తన తీసుకుని, రాగిరేకు చెప్పిన రాగంలోనే, తనే బాణీ కట్టుకుని ముందు దాన్ని పెట్టింది. బాగానే వచ్చింది. చరణం చివర కాస్త సాగదీసిందని నా అభిప్రాయం, అడగలేదు కనక చెప్పలేదు.

ఇదంతా పాత కవుల సంగతి. ఎనభైల్లో వచ్చిన కాసెట్టు పాట, ఈ కాలపు కవి సాయిబాబా మీదో అమ్మవారి మీదో రాసింది, అయితే మొదటి గడి కూడా నిండుతుంది. కవి, సంగీత దర్శకుడు, కంపెనీ, మూడు గళ్ళూ సజీవమే. ఆ రోజుల్లో సాధారణంగా మొత్తం కంపెనీకి రాసిచ్చేసేవారు, కాబట్టి కవిగారింటికి పళ్ళూ శాలువా పట్టుకెళ్ళి అనుమతి తెచ్చుకున్నా అది ఆయన దగ్గర లేని వస్తువు కావచ్చు. కంపెనీకే రాయండి, అయితే రికార్డింగు అడగడం లేదనీ, మాటలూ వరసా మాత్రమే కావాలనీ తేల్చి రాయండి. లేకపోతే వాళ్ళు రికార్డింగుకు రేటు చెబుతారు. రచయితల, స్వరకర్తల తరఫున రాయల్టీలు చూసే ఐపీఆర్ఎస్ అనే సంఘం ముంబయిలో ఉంది, సభ్యుల పాటలైతే అక్కడ కూడా వాకబు చేయొచ్చు.

ఇంకో రకం ఉంది, అయ్యప్ప దీక్షలప్పుడు వినిపిస్తుంది. హిట్ సినిమా వరస మీద శరణుఘోష రాసేస్తారు. మాటలు పూర్తిగా సొంతం, భక్తి సంపూర్ణం, వరస మాత్రం సినిమా వాళ్ళది. పీఠం దగ్గర పాడుకుంటే ఇబ్బంది లేదు, నిజమైన మతకార్యంలో భాగంగా పాటను పాడినా వినిపించినా ఉల్లంఘన కాదని చట్టంలోనే ఉంది. ఆ మినహాయింపు పూజ జరుగుతున్న చోటుకే. పూజ వీడియో తీసి ఛానల్లో ఏడాది పొడవునా ఉంచడానికి అది గొడుగు పట్టదు.

చదువుకున్న కుర్రాళ్ళు కొందరు "31సి సెక్షన్ ఉంది కదండీ, కవర్ వెర్షన్‌కు యజమాని ఒప్పుకోకపోయినా చట్టబద్ధ లైసెన్సు వస్తుంది" అంటారు. ఉంది, 2012 సవరణలో వచ్చింది. మొదటి రికార్డింగు జరిగిన ఏడు ముగిశాక అయిదేళ్ళు ఆగాలి. ముందుగా నోటీసివ్వాలి, లేబుల్ నమూనాలు పంపాలి, కనీసం యాభై వేల ప్రతులకు రాయల్టీ ముందే కట్టాలి, మాటల్లో వరసలో మార్పు చేయకూడదు. చదువుతుంటే తెలుస్తుంది, కాసెట్లూ సీడీలూ అమ్మే వ్యాపారి కోసం రాసిందని. పైగా అది సౌండ్ రికార్డింగుకే, వీడియోకు కాదు. ఫోను స్టాండు వాళ్ళకు అది దారి కాదు.

"మరి లక్షల కవర్లు యూట్యూబులో ఉన్నాయి, అందరూ ఉత్తరాలు రాశారా?" రాయలేదు. అక్కడ కంటెంట్ ఐడీ అనే యంత్రాంగం ఉంది. హక్కుదార్లు తమ పాటలు దానికి ఇస్తారు, అది కొత్తగా వచ్చే ప్రతి వీడియోనూ వాటితో పోల్చి చూస్తుంది. రికార్డింగునే కాదు, వరసను కూడా పట్టుకోగలదు. దొరికితే యజమాని వీడియోను ఆపేయొచ్చు, లేదా ఉండనిచ్చి ప్రకటనల డబ్బు తాను తీసుకోవచ్చు. చాలామంది రెండోదానికే మొగ్గుతారు. అందువల్ల అవన్నీ బతికున్నాయి. అది వాళ్ళ ఔదార్యం, మన హక్కు కాదు. మనసు మారితే ఆపేయొచ్చు. విడిగా తొలగింపు నోటీసు ఇస్తే స్ట్రైక్ పడుతుంది, తొంభై రోజుల్లో మూడు పడితే ఛానలే పోయే ప్రమాదం.

కాబట్టి వీడియో ఎక్కించేటప్పుడు `Checks` అన్న మెట్టు దగ్గర కాసేపు ఆగండి, వెంటనే పబ్లిక్ చేయకండి. క్లెయిము వస్తే అది దేని మీదో విప్పి చూడండి. మా సంగీతం అమ్మాయి సొంత బాణీ కీర్తనకు కూడా ఒకటి వచ్చింది. వాళ్ళ తమ్ముడు ఆ రోజు ఊళ్ళో లేక మృదంగానికి యాప్‌లోని లూప్ వాడింది, అదే లూప్ ఇంకెవరి ఆల్బంలోనో ఉంది, యంత్రం దాన్ని వాళ్ళ రికార్డింగు అనుకుంది. యాప్ లైసెన్సు షరతులు చూపించి అభ్యంతరం పెట్టమన్నాను. క్లెయిము చేసినవాళ్ళు ముప్ఫై రోజుల్లో జవాబు చెప్పాలి, చెప్పకపోతే క్లెయిము తొలగిపోతుంది. అదే క్లెయిము వరస మీద వచ్చి, చేతిలో ఉత్తరం లేకపోతే, అభ్యంతరం పెట్టడానికి మన దగ్గర ఏమీ లేదు. వీడియో ఉండనిస్తే ఆ ప్రకటనల డబ్బు వాళ్ళకు పోనివ్వాలి, ఆపేస్తే ఇంకో వరస కట్టుకోవాలి.